పేరు మార్చి చదివితే తెలిసిపోతుంది

స్కాలర్‌షిప్ నోటిఫికేషన్ రాగానే చాలామంది చేసే పని ఒకటే. బ్రాడీపేటలో ఏదో ఒక డీటీపీ షాపుకెళ్లి, సీనియర్ వాడిన రికమెండేషన్ లెటర్‌లో పేరు మార్పించి, ప్రిన్సిపాల్ గారి సంతకం కోసం ఆఫీసు ముందు నిలబడటం. ‘తెలివైన విద్యార్థి, కష్టపడే స్వభావం, మంచి నడవడిక’ అని ఉంటుంది అందులో. మీ పేరు తీసి పక్క బెంచీ అబ్బాయి పేరు పెట్టి చదవండి. అతడికీ సరిపోతే, ఆ లేఖ మీ గురించి ఏమీ చెప్పనట్టే.

ఎంపిక చేసేవాళ్లకు మీ మార్కులు మార్కుల జాబితాలోనే కనిపిస్తాయి. లేఖలో వాళ్లు వెతికేది మార్కులు చెప్పని సంగతి.

ఒక ఉదాహరణ చూద్దాం. బీఎస్సీ కెమిస్ట్రీ అమ్మాయి ఎండుమిర్చిలో తేమ మీద ప్రాజెక్టు చేసిందనుకోండి. ‘ప్రాజెక్టు చక్కగా చేసింది’ అని రాస్తే ఎవరూ నమ్మరు. గైడ్ మేడమ్ ఇలా రాస్తే?

‘ఈమెకు రెండేళ్లు పాఠం చెప్పాను, ఆరు నెలలు ప్రాజెక్టు చూశాను. ఒకే మిర్చి పొడికి మూడుసార్లు మూడు రకాల తేమ శాతాలు వచ్చాయి. సగటు తీసి రాసేయవచ్చు, ఈమె అలా చేయలేదు. ఓవెన్ నుంచి తీసిన పొడిని డెసికేటర్‌లో కాకుండా బల్లమీద చల్లార్చడం వల్ల అది గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటోందని తానే పట్టుకుంది. పన్నెండు శాంపిళ్లూ మొదటి నుంచి మళ్లీ చేసింది. ఆరేళ్లలో నేను చూసిన నలభై ప్రాజెక్టు విద్యార్థుల్లో మొదటి ముగ్గురిలో ఉంచుతాను. నలుగురి ముందు మాట్లాడటానికి ఇంకా తడబడుతుంది.’

ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు. రాసినవారికి ఎంతకాలం పరిచయమో, ఎవరితో పోల్చారో, కళ్లారా ఏం చూశారో ఉంది. చివరి లోపం ఒప్పుకోవడం వల్ల పైవన్నీ నిజమనిపిస్తాయి.

అందుకే పెద్ద హోదా ఉన్నవారిని కాదు, మీ పని చూసినవారిని అడగండి. చివరి తేదీకి మూడు వారాల ముందే వెళ్లండి. ఒక కాగితం మీద వారి దగ్గర ఏ ఏడాది ఏం చదివారో, ప్రాజెక్టులో ఎక్కడ చిక్కొచ్చిందో, ఎలా తేల్చుకున్నారో, ఆ స్కాలర్‌షిప్ ఏ గుణం చూస్తుందో రాసివ్వండి. వివరాలు మీవి, అంచనా మాత్రం వారిది. అడిగినప్పుడు తటపటాయిస్తే బలవంతం చేయొద్దు, ఇంకొకరిని అడగండి.

లెక్చరర్లకూ ఒక మాట. ‘నువ్వే రాసుకురా, సంతకం పెడతా’ అనకండి. తన గొప్ప తానే రాసుకునే పిల్లలకు మిగిలేవి విశేషణాలే. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న పిల్లల తరఫున సాక్ష్యం చెప్పగలిగినవారు చాలాసార్లు మీరొక్కరే. గుర్తున్న ఒక్క సంఘటన రాయండి. గుర్తు లేకపోతే రాయలేనని చెప్పండి, అదీ మేలే.