తప్పా, ఒప్పా?

‘రిక్రూట్‌మెంట్ నెగెటివ్ ప్రక్రియ: తప్పా, ఒప్పా?’ హెచ్ఆర్ఎం పరీక్షల్లో తరచూ కనిపించే బిట్టు ఇది. తప్పు అని టిక్కు పెడితే మార్కు పడుతుంది. కానీ రిక్రూట్‌మెంట్‌కూ సెలక్షన్‌కూ తేడా తెలిసి పెట్టారా, పాజిటివ్, నెగెటివ్ అని బట్టీ పట్టి పెట్టారా అన్నది ఆ బిట్టు చెప్పదు.

మన వాళ్లందరికీ తెలిసిన డీఎస్సీనే తీసుకుందాం. 2024లో తెలంగాణ ప్రభుత్వం 11,062 టీచరు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అర్హులైన వాళ్లు వీలైనంత ఎక్కువమంది దరఖాస్తు చేసుకోవాలన్నదే దాని ఉద్దేశం. అది రిక్రూట్‌మెంట్. దరఖాస్తులు వచ్చి పడ్డాక దాని పని అయిపోయింది.

పరీక్షతో సెలక్షన్ మొదలైంది. ఫలితాల తర్వాత ఒక్కో పోస్టుకు ముగ్గురి చొప్పున సర్టిఫికెట్ల పరిశీలనకు పిలిచారు. ‘సర్టిఫికెట్ల పరిశీలన ప్లేస్‌మెంట్‌లో భాగం’ అని బిట్టు ఇస్తే చాలామంది తడబడతారు. రాతపరీక్ష గట్టెక్కాక ఉద్యోగం వచ్చేసినట్టే అనిపిస్తుంది మరి! కానీ పిలిచిన ముగ్గురిలో ఇద్దరు ఇంటిముఖం పట్టాల్సిందే. ఎవరినైనా వద్దనే వీలు ఉన్నంతవరకు అది సెలక్షనే. కాబట్టి ఆ వాక్యం తప్పు.

నియామకపత్రం చేతికొచ్చాక జరిగే కౌన్సెలింగ్ వేరు. తెర మీద ఖాళీలు చూసి, ర్యాంకు ప్రకారం ఒకామె మండల కేంద్రంలోని బడి కోరుకుంటుంది. ఆమె తర్వాతి వ్యక్తికి బస్సు వెళ్లని ఊరు మిగలొచ్చు. ఊరు నచ్చకపోవచ్చు గానీ ఉద్యోగం ఇద్దరిదీ. ఎవరు ఎక్కడ అన్నదే అక్కడ తేలేది. అదే ప్లేస్‌మెంట్. కాలేజీల్లో ‘క్యాంపస్ ప్లేస్‌మెంట్స్’ అంటున్నది మాత్రం నిజానికి రిక్రూట్‌మెంటూ సెలక్షనూ కలిసినది. అందుకే విద్యార్థి ప్లేస్‌మెంట్ బిట్టు దగ్గర బోల్తాపడితే తప్పు వాడొక్కడిదే కాదు.

ఇక బడిలో చేరిన రోజు హెడ్మాస్టరు తోటి టీచర్లకు పరిచయం చేసి, హాజరు పద్ధతి, టైంటేబుల్, సెలవుల నిబంధనలు చెబితే అది ఇండక్షన్. లెక్కలు ఎలా బోధించాలో నేర్పితే అది శిక్షణ. ‘ఇండక్షన్ అంటే పని నేర్పడం’ అన్న వాక్యం అందుకే తప్పు.

పేపరు తయారుచేసే మాస్టార్లకు ఒక మనవి. ‘ఇండక్షన్ ఎప్పుడూ ప్లేస్‌మెంట్ తర్వాతే’ లాంటి బిట్లు మానేయండి. కొత్తవాళ్లందరికీ ముందు ఇండక్షన్ పెట్టి, ఆ తర్వాతే విభాగాలు కేటాయించే సంస్థలూ ఉన్నాయి. దరఖాస్తుల తొలి వడపోతను కొన్ని పుస్తకాలు రిక్రూట్‌మెంట్‌లో, కొన్ని సెలక్షన్‌లో చేరుస్తాయి. దాని మీదా తప్పొప్పుల బిట్టు వద్దు. దాని బదులు కౌన్సెలింగ్ హాలు లాంటి ఒక సందర్భాన్ని రెండు వాక్యాల్లో చెప్పి, ‘ఇది సెలక్షన్: తప్పా, ఒప్పా?’ అని అడగండి.