డిపాజిట్ అడిగితే లేచి వచ్చేయండి

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఆలుమగల తగాదా గడప దాటిందంటే మొదట చేరేది పెద్దమనుషుల దగ్గరికే. కులసంఘం భవనంలోనో, కొన్ని ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీ ముందో పంచాయితి కూర్చుంటుంది. చాలాచోట్ల మాట మొదలుకాకముందే రెండు పక్షాల నుంచి డిపాజిట్ పట్టుకుంటారు. చెప్పినదానికి ఒప్పుకోనివాళ్ల పైసలు పోతాయి. ఆ పైసలు చేతిలో పడ్డాక అక్కడ కూర్చున్నవారిని మధ్యవర్తులని నమ్మకండి. మధ్యవర్తి తీర్పు చెప్పడు, జరిమానా వేయడు. తీర్పు, జరిమానా, వెలి ఈ మూడింటిలో ఏ ఒక్కటి వినిపించినా లేచి వచ్చేయండి. కుల పంచాయితీలు ఇలా శిక్షలు వేయడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టంగా చెప్పింది.

అంతకంటే పెద్ద ప్రమాదం బాండ్ పేపర్. ఇద్దరితో సంతకాలు పెట్టించి, సాక్షులను రాసి, “ఈరోజుతో తెగదెంపులు” అంటారు. ఇంత అని చెప్పి ఒక మొత్తం ఇప్పిస్తారు, ఆ అమ్మాయి తల్లిగారింటికి వెళ్లిపోతుంది. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లి ఆ కాగితంతో రద్దు కాదు. అనాదిగా నడుస్తున్న కులాచారం ఉందంటే దాన్ని కోర్టులో రుజువు చేసుకోవాలి. ఆ రుజువు దొరకక ఓడిపోయినవారు ఎందరో. ఆ కాగితాన్ని నమ్మి రెండో పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడే నేరం. పిల్లల భరణం ఇక అడగనని తల్లి రాసిచ్చినా పిల్లల హక్కు పోదు. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం ఎవరి ఒత్తిడికీ పెట్టకండి. ఆదిలాబాద్ గోండుల సంగతి వేరు. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వివాహ చట్టం మామూలుగా వర్తించదు, వారి ఆచారానికి వారి రాయి సెంటర్లు ఉన్నాయి. అయినా అక్కడ కూడా పిల్లల పోషణ గురించి ఏం ఒప్పుకున్నారో రాయించుకోవడం మేలు.

పెద్దలు తలదూర్చితే ఎంతదూరం పోతుందో 2013 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక తెలుగు దంపతుల కేసులో కనిపిస్తుంది. 1999 ఏప్రిల్ 25న పెళ్లి. మర్నాడే ఇరువైపుల పెద్దల మధ్య గొడవ, తిట్లు, చెప్పులు విసురుకోవడం. ఆ తర్వాత పోలీసు ఫిర్యాదులు, ఒకరి మీద ఒకరు కేసులు. ఆ దంపతులు కాపురమే చేయలేదు. చివరికి 15 లక్షల భరణంతో విడాకులయ్యాయి. ఆ తీర్పులోనే కోర్టు ఇలాంటి గొడవలను మొదట్లోనే మధ్యవర్తిత్వానికి పంపాలని చెప్పింది. కేసు వేయకముందే సాయం చేసే విభాగాలను మధ్యవర్తిత్వ కేంద్రాల్లో పెట్టాలని ఆదేశించింది. ఆ దారి ఈరోజు మనకు అందుబాటులో ఉంది. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి కేసు లేకుండానే తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వొచ్చు. 15100కు ఫోన్ చేసి అడగవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టం ఇచ్చిన హక్కు.

ఇక ప్రైవేటు కౌన్సెలర్ల సంగతి. ఫ్యామిలీ కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి మన దేశంలో ప్రత్యేకంగా లైసెన్సేమీ లేదు. అందుకే అడిగి తెలుసుకోవాలి. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పేవారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడగండి. కోర్టు మధ్యవర్తులకు కనీసం 40 గంటల శిక్షణ ఉంటుంది, దాన్నీ అడగండి. ఇద్దరిలో ఎవరికైనా చుట్టమా, ఎవరి తరఫునైనా వకీలుగా ఉన్నారా అన్నది మూడో ప్రశ్న. గృహహింస చట్టం నియమాలు అలాంటివారిని కౌన్సెలర్‌గా పెట్టకూడదనే అంటాయి. “నెల రోజుల్లో కలిపేస్తా” అని గ్యారంటీ ఇచ్చేవారిని నమ్మకండి. మంచి మధ్యవర్తి కలుపుతాననీ విడగొడతాననీ మాటివ్వడు.

మధ్యవర్తి దగ్గర ఏం జరుగుతుందో తెలియకపోవడమే చాలామంది భయానికి కారణం. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఒక కుటుంబం కథ కాదు, ఈ ప్రాంతంలో తరచూ కనిపించే తీరు. జగిత్యాల దగ్గరి ఊరు, భర్త దుబాయిలో. పైసలన్నీ తన తల్లి ఖాతాకు పంపుతాడు. భార్య అడిగితే గొడవ, ఆమె పిల్లాడితో తల్లిగారింటికి పోయింది. ఆమె ఇచ్చిన దరఖాస్తు మీద భర్తకు పిలుపు పోతుంది. అతను రాలేడు కాబట్టి వీడియో కాల్ ఏర్పాటు చేయమని అడగాలి, అతనికి సెలవున్న రోజు, డ్యూటీ లేని గంట చూసి. మొదటిసారి మధ్యవర్తి నియమాలు చెబుతాడు: ఒకరు మాట్లాడుతుంటే మరొకరు ఆపకూడదు, ఇక్కడి మాటలు కోర్టుకు పోవు, ఒప్పందం కుదిరిందా లేదా అన్నదే పోతుంది. తర్వాత ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడతాడు. “నా పరువు పోయింది” అన్న మాట వెనక “నా చేతిలో పైసా లేదు” అన్న సమస్య బయటపడేది ఇక్కడే. రెండోసారో మూడోసారో మాట లెక్కల్లోకి వస్తుంది: నెలకు ఎంత, ఎవరి ఖాతాకు, ఏ తేదీలోపు, అత్తకు ఎంత, పిల్లాడి బడి ఎక్కడ. అవి కాగితం మీదికి వచ్చి ఇద్దరూ చదివి సంతకం పెట్టేదాకా ఒప్పందం కానట్టే. లోక్ అదాలత్‌లో అవార్డుగా నమోదు చేయిస్తే సివిల్ కోర్టు డిక్రీతో సమానం. బాండ్ పేపర్‌కు ఆ విలువ రాదు.

రానని మొండికేసే భర్తనో భార్యనో ఎలా తేవాలి? చాలామంది చేసే పొరపాటు, “నీకు ట్రీట్‌మెంట్ కావాలి, పద” అనడం. రానివాళ్లకు భయం తప్పు తమమీదే వేస్తారని, ఊర్లో తెలుస్తుందని. కాబట్టి ఒక్కసారే రమ్మనండి. ఒకే విషయం పెట్టండి: నెల పైసలు, లేదా పిల్లాడి చదువు. ఎవరి దగ్గరికి పోవాలో ఆ మనిషినే ఎంచుకోనివ్వండి, మీ అన్నో మామో చెప్పిన పేరు తోయకండి. పిలుపును అత్తమామల చేత కాకుండా ఆ వ్యక్తి మాట వినే ఒక స్నేహితుడి చేత చెప్పించండి. ముందు మీరొక్కరే వెళ్లండి, ఒకరొచ్చినా కౌన్సెలర్ పని మొదలవుతుంది. పోలీసు స్టేషన్‌కు పిలిపించి భయపెట్టి కూర్చోబెడితే మనిషి వస్తాడు గానీ నోరు తెరవడు. అధికారిక పిలుపులకు స్పందన లేకపోతే ఎదురుచూపు ఆపి, భరణం వంటి చట్టబద్ధమైన దారి వెంటనే మొదలుపెట్టండి. పిలుపుల మధ్య ఏడాది గడిచిపోనివ్వకండి.

అయితే కొట్టడం, గొంతు పట్టుకోవడం, చంపుతానని బెదిరించడం ఉన్న ఇంట్లో ఈ మాటలేవీ వర్తించవు. అలాంటి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి సర్దుకోమనడం ప్రమాదం. భార్య అక్కడ చెప్పిన నిజానికి శిక్ష ఇంటికెళ్లాక పడుతుంది. శిక్షణ పొందిన మధ్యవర్తి ముందు విడిగా, “నీకు భయముందా?” అని అడుగుతాడు. అడగకుండానే ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెడితే ఆ చోటు వదిలేయండి. గృహహింస నియమాల ప్రకారం కౌన్సెలింగ్‌లో కొట్టినందుకు కారణాలు చెప్పుకోవడానికి అవతలివారికి వీల్లేదు. “నువ్వేం చేశావని కొట్టాడు?” అని అడిగే కౌన్సెలర్ ఆ నియమాన్ని మీరుతున్నట్టే. ఇంట్లో హింస ఉంటే ఫోన్ 181కి, లేదా మీ జిల్లా సఖి కేంద్రానికి. అపాయం ఎదురుగా ఉంటే 112కి. వెళ్లేటప్పుడు ఆధార్, పిల్లల జనన ధ్రువపత్రాలు, పాస్‌పోర్టు, బంగారం రసీదులు మీ దగ్గరే ఉంచుకోండి. వాటిని పెద్దమనుషుల బీరువాలో పెట్టకండి.