ఫొటో చూసి పుట్టగొడుగు తినదగినదని చెప్పవచ్చునా?

తొలకరి వానలు కురిసిన వారం పది రోజులలో విస్తరణ శాస్త్రవేత్తల చరవాణులకు ఒకే తరహా సందేశాలు రావడం పరిపాటి. గట్టు మీదనో, పచ్చిక మీదనో, చెట్ల కిందనో మొలచిన తెల్లని పుట్టగొడుగుల ఫొటో ఒకటి, దాని కింద ‘ఇవి తినవచ్చునా?’ అన్న ప్రశ్న. అడిగే వ్యక్తి తరచుగా పొయ్యి వెలిగించే ముందు అడుగుతాడు. కనుక మనమిచ్చే సమాధానం వర్గీకరణ శాస్త్రానికి సంబంధించిన అభిప్రాయంగా మిగలదు, ఆ పూట ఆ కుటుంబం ఏమి తినాలో నిర్ణయిస్తుంది. ఫొటో ఆధారంగా ‘తినవచ్చు’ అనే సమాధానాన్ని మనం ఏ పరిస్థితిలోనూ ఇవ్వరాదని నా అభిప్రాయం. కారణాలను ఒక ఉదాహరణతో వివరిస్తాను.

అటువంటి ఫొటో ఒకటి వచ్చిందనుకొందాం. పైనుండి తీసిన ఆ ఫొటోలో మూడు తెల్లని టోపీలు, వాటి మధ్యభాగంలో లేత గోధుమ వర్ణం, చుట్టూ తడి నేల, గడ్డి కనబడుతున్నాయి. మన ప్రాంతంలో చూసినవారెవరైనా మొదట తలచేది చెదపుట్టల మీద మొలిచే పుట్టగొడుగునే. అది టెర్మిటోమైసిస్ ప్రజాతికి చెందినది, రుచికరమైనది, తరతరాలుగా తింటున్నది. కానీ అదే ఫొటోకు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ కూడా సరిపోతుంది. పచ్చిక బయళ్లలో, ఇళ్ల పెరళ్లలో, పశువులు మేసే చోట్ల వర్షాకాలంలో విరివిగా మొలిచే ఈ జాతి తింటే తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలుగుతాయి. సమీపంలో చెట్లున్నట్లయితే అమానిటా ప్రజాతిలోని తెల్లని జాతులను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది. టోపీలు నిజానికి రెండు మూడు సెంటీమీటర్లే అయితే లెపియోటా ప్రజాతిలోని చిన్న జాతులు కూడా జాబితాలో చేరతాయి. వీటిలో కొన్నింటిలో అమానిటాలోని విషమే ఉంటుంది. ఒకే ఫొటోకు నాలుగు సమాధానాలున్నాయి. వాటిలో ఒకటి విందు, ఒకటి ఆసుపత్రి, మిగిలిన రెండు ప్రాణాపాయం కావచ్చు.

ఈ నాలుగింటిని వేరుపరచే లక్షణాలేవీ ఆ ఫొటోలో లేవు. మొదటి లక్షణం కాడ అడుగుభాగం. చెదపుట్ట పుట్టగొడుగుకు కాడ నేలలోకి వేరువలె సన్నగా సాగి, చెదలు పెంచుకొనే శిలీంధ్రపు తోట వరకు వెళుతుంది. గూడు భూగర్భంలో ఉన్నప్పుడు పైన పుట్ట కనబడకపోవచ్చు కూడా. అమానిటాలో అదే చోట కాడ చుట్టూ సంచివంటి తొడుగు ఉంటుంది. పుట్టగొడుగును చేతితో లాగినా, కత్తితో పైపైన కోసినా ఈ రెండూ నేలలోనే ఉండిపోతాయి. నిర్ణాయక సాక్ష్యం మట్టిలో మిగిలి, టోపీ మాత్రం ఫొటోలోకి వస్తుంది.

రెండవది సిద్ధబీజాల రంగు. చెదపుట్ట పుట్టగొడుగు సిద్ధబీజాల ముద్ర లేత గులాబి. క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ ముద్ర ఆకుపచ్చ. అమానిటా, లెపియోటాల ముద్ర తెలుపు. లేత దశలో ఈ నాలుగింటి మొప్పలు కూడా తెల్లగానో, దాదాపు తెల్లగానో ఉంటాయి. క్లోరోఫిల్లమ్ మొప్పలు టోపీ బాగా విచ్చుకొన్న తరువాతనే బూడిద కలిసిన ఆకుపచ్చకు మారతాయి. ఆ ఛాయ మొదలైనా చరవాణి కెమెరా వెలుతురుకు అనుగుణంగా రంగులను తానే సవరించుకొంటుంది గనుక ఫొటోలో అది తెలుపుగానే కనబడవచ్చు.

మూడవది వాన. అమానిటా టోపీ మీది పొలుసులవంటి తునకలు ఒక గట్టి జల్లుకే కొట్టుకొనిపోతాయి. కాడ మీది వలయం కూడా పలచబడి రాలిపోవచ్చు. ఏ పుస్తకంలోనైనా విష జాతికి గుర్తుగా చూపే రెండు అలంకారాలు లేని నున్నని తెల్లని పుట్టగొడుగు అప్పుడు మన ముందుంటుంది. పరిమాణం, వాసన, కోసినప్పుడు కండ రంగు మారడం వంటివి కూడా ఫొటోకు అందవు.

చరవాణిలో ఫొటో చూసి జాతి పేరు చెప్పే అనువర్తనాలు ఈ లోపాన్ని పూరించలేవు. లేని సాక్ష్యాన్ని అవి సృష్టించలేవు, తమ వద్దనున్న చిత్రాలలో దగ్గరి పోలికను మాత్రమే చూపగలవు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో మూడు అనువర్తనాలను 78 నమూనాలతో పరీక్షించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, అన్నింటిలో మెరుగైనది కూడా సగం నమూనాలను మాత్రమే సరిగా గుర్తించింది.

అన్ని పొరపాట్లూ సమానమైనవి కావు. విద్యార్థులు దీనిని గట్టిగా గుర్తుంచుకోవాలి. క్లోరోఫిల్లమ్‌ను చెదపుట్ట పుట్టగొడుగుగా పొరబడటం తరచుగా జరుగుతుంది. తిన్న 1 నుండి 3 గంటలలో వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. పిల్లలలోను, వృద్ధులలోను నీరు కోల్పోవడం ప్రమాదకరమే అయినా సకాలంలో ద్రవాలు ఎక్కిస్తే సాధారణంగా కోలుకొంటారు. అమానిటాలోని అమాటాక్సిన్ల తీరు ఇందుకు భిన్నం. ఉడికించినా, ఎండబెట్టినా అవి నశించవు. తిన్న తరువాత 6 నుండి 24 గంటల వరకు ఏ లక్షణమూ కనబడదు. ఆ తరువాత తీవ్రమైన వాంతులు, నీళ్ల విరేచనాలు వస్తాయి. అనంతరం ఒక రోజు పాటు రోగి కోలుకొన్నట్లు కనబడతాడు, ఇంటివారు ఊరట చెందుతారు. ఆ వ్యవధిలోనే కాలేయ కణాలు నశిస్తూ ఉంటాయి. అందువలన పొరపాటు ఎంత తరచుగా జరుగుతుందన్న దానికంటే, జరిగితే ఎంత నష్టమన్న దానినే విస్తరణ సలహాకు ప్రాతిపదికగా తీసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది మరణించారు. వారిలో అధికులు తేయాకు తోటల కుటుంబాలవారు.

విదేశాలలోని తెలుగువారికి వర్తించే పోలిక మరొకటి ఉంది. మన వద్ద వరిగడ్డి మీద పెంచే వరిగడ్డి పుట్టగొడుగు, అంటే వోల్వేరియెల్లా వోల్వేసియా, గుడ్డు దశలోనే కోతకు వస్తుంది. దానికి కూడా కాడ అడుగున సంచి ఉంటుంది. ఐరోపాకు చెందిన అమానిటా ఫల్లాయిడిస్, ఆంగ్లంలో డెత్ క్యాప్ అని పిలిచే జాతి, ఓక్ చెట్ల వేళ్లతో సహజీవనం చేస్తుంది. ఆ చెట్లతోపాటే అది ఆస్ట్రేలియాకు, ఉత్తర అమెరికా పశ్చిమ తీరానికి చేరింది. దాని గుడ్డు దశ వరిగడ్డి పుట్టగొడుగు గుడ్డును పోలి ఉంటుంది. 2012 నూతన సంవత్సర సమయంలో కాన్‌బెర్రాలో డెత్ క్యాప్‌లతో వండిన భోజనం తిని ఇద్దరు మరణించారు. ఎదిగిన పుట్టగొడుగులను వేరుపరచడం కష్టం కాదు. వోల్వేరియెల్లాకు వలయం ఉండదు, ముద్ర గులాబి. డెత్ క్యాప్‌కు వలయం ఉంటుంది, ముద్ర తెలుపు. గుడ్డు దశలో మాత్రం వలయం బయటపడదు, ముద్ర రాదు. నిలువుగా కోస్తే రెండింటిలోను లోపల చిన్న టోపీ, మొప్పల రూపం కనబడతాయి. కాబట్టి అడవిలో దొరికిన గుడ్డును ఏ పరీక్షతోను తినదగినదిగా నిర్ధారించకూడదు.

మరి ఫొటో వచ్చినప్పుడు ఏమి చేయాలి? నమూనాను అడగాలి. పుట్టగొడుగును చుట్టూ మట్టితో సహా తవ్వి తీయించాలి. కాగితంలో చుట్టించాలి, ప్లాస్టిక్ సంచిలో పెడితే కుళ్లిపోతుంది. లేత, ముదురు దశలు రెండూ ఉండాలి. సిద్ధబీజాల ముద్ర తీయడానికి కాడను కోసివేసి, టోపీని మొప్పలు కిందికి ఉండేలా సగం తెలుపు, సగం నలుపు ఉన్న కాగితంపై ఉంచి గిన్నె బోర్లించాలి. తెల్లని కాగితం మాత్రమే వాడితే తెల్లని ముద్ర కనబడదు, ‘ముద్ర రాలేదు’ అని పొరబడే అవకాశం ఉంది. రాత్రంతా ఉంచితే ఉదయానికి రంగు స్పష్టమవుతుంది.

ఈ ముద్రకు కూడా హద్దులున్నాయి. ఆకుపచ్చ లేదా తెలుపు ముద్ర వస్తే అది చెదపుట్ట పుట్టగొడుగు కాదని చెప్పవచ్చు. గులాబి ముద్ర వచ్చినంత మాత్రాన అవునని చెప్పలేము, విషపూరిత జాతులున్న ఎంటలోమా ప్రజాతి ముద్ర కూడా గులాబియే. ఎంటలోమా మొప్పలు సాధారణంగా కాడకు అంటుకొని ఉంటాయి, సూక్ష్మదర్శినిలో దాని సిద్ధబీజాలు కోణాకారంలో కనబడతాయి. చెదపుట్ట పుట్టగొడుగు మొప్పలు కాడకు అంటవు, సిద్ధబీజాలు నున్నగా అండాకారంలో ఉంటాయి. వేరువంటి కాడ, అంటని మొప్పలు, గులాబి ముద్ర, నున్నని సిద్ధబీజాలు నాలుగూ ఒకే నమూనాలో కలిసినప్పుడే నిర్ధారణ. వందలాదిగా గుంపుగా మొలిచే చిన్న టెర్మిటోమైసిస్ జాతికి పొడవైన వేరు ఉండదు. అక్కడ సూక్ష్మదర్శిని లేకుండా మాట చెప్పకపోవడమే మేలు.

అప్పటికే తిన్నామని ఎవరైనా ఫోను చేస్తే జాతి పేరు కోసం సమయం వెచ్చించరాదు. ఎప్పుడు తిన్నారు, లక్షణాలు ఎప్పుడు మొదలైనాయి అన్నవే అడగవలసిన ప్రశ్నలు. 6 గంటలు దాటిన తరువాత వాంతులు మొదలైతే అమాటాక్సిన్‌గానే భావించి, కాలేయ పరీక్షలు, ఇంటెన్సివ్ కేర్ ఉన్న ఆసుపత్రికి పంపాలి. త్వరగా వాంతులయ్యాయి గనుక ప్రమాదం లేదనుకోవడం కూడా సరికాదు. ఒకే కూరలో రెండు జాతులు కలిసి ఉండవచ్చు. వండని పుట్టగొడుగులు, మిగిలిన కూర, చెత్తలో పారవేసిన కాడ మొదళ్లు రోగితోపాటు వెళ్లాలి.

కొందరు సహచరులు ఇంత జాగ్రత్త వలన రైతులకు మనపై నమ్మకం తగ్గుతుందని, వారి సంప్రదాయ జ్ఞానాన్ని అవమానించినట్లవుతుందని అంటారు. ఆ జ్ఞానం పట్ల నాకు గౌరవమే. తమకు తెలిసిన పుట్ట వద్దకు ఏటేటా వెళ్లి, తవ్వి తీసే పెద్దలు పుట్టగొడుగును చోటుతో, వేరుతో, వాసనతో కలిపి గుర్తిస్తారు. ఆ పద్ధతి నమూనా పరీక్షకే దగ్గర. ఆ సందర్భమంతా తొలగించి టోపీని మాత్రమే మిగిల్చేది ఫొటో. ఆ పెద్దలు చేసే పనిని మనం తెర మీద చేయగలమనుకోవడమే వారి జ్ఞానాన్ని తక్కువ చేయడం.

కనుక ప్రతి కృషి విజ్ఞాన కేంద్రమూ ఇటువంటి ఫొటోలకు ఒకే సమాధానాన్ని పాటించాలని సూచిస్తున్నాను: ‘ఈ చిత్రంతో నిర్ధారించలేము. తినవద్దు. మొదలుతో సహా తవ్వి, కాగితంలో చుట్టి తీసుకొనిరండి. ఇప్పటికే తిని ఉంటే ఏ సమయంలో తిన్నారో చెప్పి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.’