చుట్టాలతో నిండే ఇంటికి గిఫ్టా? అష్టాచెమ్మా ఇయ్యండి, కానీ ఇట్లా

అన్నలారా, అక్కలారా, ఒక మాట చెప్తా, నచ్చకపోతే కింద తిట్టండి.

మన పుట్టపర్తి, ధర్మవరం, హిందూపురం పక్క ఉగాదికి, దేవరకి, ఇంకేదన్నా కారణానికి చుట్టాలు మాటిమాటికి చేరే ఇళ్లు ఉంటాయి. అట్లాంటి ఇంటికి ఏదన్నా ఇయ్యాలంటే మనం స్టీలు గిన్నె కొంటాం, లేకుంటే పిల్లోళ్లకని క్యారమ్స్ బోర్డు. క్యారమ్స్ మంచిదే. కానీ నలుగురే ఆడాల, చెయ్యి తిరిగినోడే గెలుస్తాడు, అవ్వ దూరంగా కూచుంటుంది. పేకముక్కలు తీస్తే కొంచెంసేపటికి డబ్బులు పెడదామంటారు, ఇక పండగ పాడు.

నేను చూసేది ఒకటే. మధ్యలో పాలు పిండడానికి లేచిపోయినోళ్ల చోట ఇంకొకరు కూచుని ఆడగలరా? చదువు రాని అవ్వ, ఆరేళ్ల మనవడు ఒకే పక్క ఆడగలరా? అష్టాచెమ్మా ఈ రెండిటికీ నిలుస్తుంది. పక్కకి ఇద్దరు కూచుంటే ఎనిమిది మంది ఆడొచ్చు. ఒకరు వేస్తారు, ఒకరు కాయ జరుపుతారు.

చేసేది సులభం. 15 అంగుళాల చదరపు ప్లైవుడ్ ముక్క తీసుకుని అడ్డం 5, నిలువు 5 గళ్లు గీస్తే ఒక్కో గడి 3 అంగుళాలు వస్తుంది. నాలుగు అంచుల నడిమి గళ్లకు, మధ్య గడికి కొట్టు గుర్తు వెయ్యండి. ఆ గళ్లలో కాయను చంపరాదు. మనిషికి నాలుగు కాయలు. బయటి చుట్టు ఒక దిక్కు తిరిగి, లోపలి చుట్టు ఎదురు దిక్కు తిరిగి, మధ్య గడికి చేరితే పండినట్లు.

ఇక అసలు సంగతి పిక్కలు. నాలుగు చింతపిక్కలు ఒక పక్క తెల్లగా వచ్చేదాకా బండ మీద అరగదీస్తారు. ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు. నాలుగూ తెలుపైతే చెమ్మా, 4. ఒక్కటీ తెల్లగా పడకుంటే అష్టా, 8. ఈ రెండిట్లో ఏది పడినా ఇంకో ఆట. పిక్కలు సరిగా ఉంటే ఎనిమిదిసార్లకు ఒకసారి ఇంకో ఆట వస్తుంది. అదే పిక్కలన్నీ నాలుగుసార్లకు ఒక్కసారే తెల్లగా పడే రకమైతే, మూడుసార్లకు దాదాపు ఒకసారి అష్టా పడుతుంది, చెమ్మా అసలు కనపడదు. ఒకడే వేస్తా పోతాడు, మిగతావాళ్లు ఫోన్లు తీస్తారు. ఆట బాగలేదంటారు, తప్పు పిక్కలది.

అందుకే ఇచ్చే ముందు ఒక్కో పిక్కను 40 సార్లు వేసి చూడండి. తెలుపు 14కి తక్కువ, 26కి ఎక్కువ పడితే ఆ పిక్క మార్చేయండి. గవ్వలైనా ఇదే లెక్క.

కాయలకు నాలుగు రకాలు కావాల. చెనిక్కాయ బుడ్డలు, మొక్కజొన్న గింజలు, గుండీలు, ఏవైనా సరే. ఎర్రగా బాగుంటాయని గురివింద గింజలు, చేన్లో ఉన్నాయని ఆముదం గింజలు మాత్రం పెట్టొద్దండి. రెండూ విషం. పిల్లోడు నోట్లో వేసుకుని నమిలితే ప్రాణం మీదికొస్తుంది. నోట్లో పెట్టుకునే పాపాయి ఉంటే ఏ గింజనైనా గొంతుకు అడ్డం పడుతుంది కాబట్టి కాయలు డబ్బాలో వేసి మూత పెట్టే ఏర్పాటు చేయండి.

ఇంకొకటి. మన చుట్టరికాలు పావగడ, గౌరిబిదనూరు దాకా ఉండాయి. అక్కడ ఇదే ఆటను చౌకాబారా అంటారు. ఒక ఇంట్లో ఎదుటి కాయ ఒకటన్నా చంపితేనే లోపలి చుట్టుకు పోనిస్తారు, ఇంకో ఇంట్లో అట్లా లేదు. చంపితే ఇంకో ఆట ఉందా, లేదా? మూడు అష్టాలు వరసగా పడితే లెక్కకొస్తాయా, పోతాయా? కొత్త అల్లుడికి, బావమరిదికి రుసరుసలు మొదలయ్యేది ఇక్కడే. కాబట్టి ఆ ఇంటి పెద్దావిడను ముందే ఈ మూడు అడిగి, ఆమె చెప్పినట్లు బోర్డు వెనక పెయింటుతో రాయించండి. అప్పుడు తగువు వస్తే బోర్డు తిరగేస్తే చాలు.

కొందరు పులిజూదం ఇద్దామంటారు. మూడు పులులు, పదహైదు మేకలు, బలే ఆట. కానీ ఆడేది ఇద్దరే, మిగతావాళ్లు మీద పడి సలహాలిస్తారు. ఇద్దరు ముసలోళ్లున్న ఇంటికి అది సరిపోతుంది. పదిమంది చేరే ఇంటికి మాత్రం నా ఓటు అష్టాచెమ్మాకే.

దీనికి పెద్ద ఖర్చేం కాదు, ఒక పూట పని. మీ ఊర్లో ఆ మూడు రూల్సు ఎట్లుండాయో కామెంట్లో రాయండి.