వంద ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుందా?

మొన్న మా ఆఫీసులో ఒకతను ఇంటి నెట్ స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పంపించాడు. డౌన్‌లోడ్ 98, అప్‌లోడ్ 20. "ఇంత స్పీడొస్తుంటే క్లయింట్ కాల్లో నా మాటెందుకు తెగిపోతోంది బాస్?" అని ప్రశ్న. కస్టమర్ కేర్ వాళ్ళేమో "స్పీడ్ వస్తోంది కదా సార్" అని కంప్లైంట్ మూసేశారట.

నన్నడిగితే, కాల్ విషయంలో ఆ పెద్ద అంకెని పట్టించుకోనక్కర్లేదు. వీడియో కాల్‌కి మామూలుగా రెండు మూడు ఎంబీపీఎస్ చాలు. కావలసింది ప్యాకెట్లు వేళకి చేరడం. మన మాటని సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలు చేసి, సెకనుకి 50 ప్యాకెట్లుగా పంపుతారు. ప్యాకెట్ వెళ్ళి జవాబు రావడానికి పట్టే సమయం పింగ్. అది ఒక్కోసారి ఒక్కోలా మారుతుంటే ఆ తేడా జిట్టర్. అసలు చేరకుండా పోయినవి ప్యాకెట్ లాస్.

జిట్టర్‌ని సర్దడానికి అవతలి యాప్ ప్యాకెట్లని కాస్త ఆపి వినిపిస్తుంది. అప్పటికీ రానిది, తర్వాత వచ్చినా పనికిరాదు. బస్సు కదిలిపోయాక స్టాండుకొచ్చిన ప్రయాణీకుడన్నమాట. అందుకే లాస్ 0% అని ఉన్నా మాట తెగుతుంది.

ఇప్పుడు మావాడి స్క్రీన్‌షాట్ చూద్దాం. లాస్ 0, జిట్టర్ 3. పింగ్ మాత్రం మూడు అంకెలు: లైను ఖాళీగా ఉంటే 6, డౌన్‌లోడ్ నడుస్తుంటే 45, అప్‌లోడ్ నడుస్తుంటే 410! జబ్బు ఆ మూడో అంకెలో ఉంది. ఆ జిట్టర్ 3 కూడా లైను ఖాళీగా ఉన్నప్పటిదే.

అదనంగా వచ్చిన 400 మిల్లీసెకన్లు ఎక్కడివి? 20 ఎంబీపీఎస్ లైను అంతసేపట్లో పంపగలిగేది 8 మెగాబిట్లు, అంటే ఒక మెగాబైటు. ఇంట్లో ఎవరి ఫోనో ఫోటోలు బ్యాకప్ చేస్తుంటే, ఆ మెగాబైటు రూటర్లో క్యూ కడుతుంది. మన మాట దాని వెనకాల నిలబడుతుంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ హాయిగా సాగుతుందని ఐటీయూ లెక్క. ఇక్కడ క్యూ ఒక్కటే 400.

తప్పెక్కడో తేల్చడానికి ఈ రెండూ లైను ఖాళీగా ఉన్నప్పుడోసారి, పెద్ద ఫైలు అప్‌లోడ్ అవుతుండగా ఇంకోసారి నడపండి (మొదటిది రూటర్ అడ్రసు, మీది వేరే ఉండొచ్చు):

```
ping -n 50 192.168.1.1
ping -n 50 8.8.8.8
```

మొదటిదే ఎగిరిపడుతుంటే తేడా వైఫైలో ఉంది, కేబుల్ పెట్టి చూడండి. మొదటిది నిలకడగా ఉండి, అప్‌లోడప్పుడు రెండోది మాత్రమే పెరిగితే అది క్యూ. రూటర్లో ఎస్‌క్యూఎమ్ ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్‌ని అసలు వేగంలో 85-90 శాతానికి పరిమితం చెయ్యండి. మావాడు 17కి కట్టేశాడు, 410 కాస్తా 30కి దిగింది. ఎస్‌క్యూఎమ్ లేని రూటరైతే బ్యాకప్‌ని రాత్రికి వాయిదా వెయ్యడమే.

లైను ఖాళీగా ఉన్నా రెండోది మాత్రమే ఎగురుతుంటే, తప్పు చాలావరకు కనెక్షన్ ఇచ్చినవాళ్ళదే. అప్పుడు స్పీడ్ అంకె కాదు, ఈ పింగ్ ఫలితం పంపించి అడగండి. "స్పీడ్ వస్తోంది కదా సార్" అనేది దానికి జవాబు కాదు.