రెండు సగటులు, రెండు జ్ఞాపకాలు

ఉస్మానియా క్యాంపస్ చుట్టూ, తార్నాక నుంచి అంబర్‌పేట్ దాకా, షేర్ల చార్టులు చూసే కుర్రాళ్లలో ఒక నమ్మకం ఉంది: ఎక్స్‌పొనెన్షియల్ సగటు వేగమైనది, కాబట్టి మెరుగైనది. ఇందులో సగమే నిజం. మన నగరపు సత్యం కంప్యూటర్స్‌నే తీసుకోండి. 2009 జనవరి 7న ఆ సంస్థ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల మోసాన్ని ఒప్పుకున్న లేఖ బయటికొచ్చాక షేరు సుమారు 179 రూపాయల నుంచి 40కి పడిపోయింది. అంతకుముందు ధర 179 దగ్గరే, ఆ తర్వాత 40 దగ్గరే నిలిచిందనుకుని లెక్క కడదాం. పది రోజుల సాధారణ సగటు కొత్త ధరకు పదో వంతు బరువే ఇస్తుంది, కాబట్టి ఆ సాయంత్రానికి 165 చూపుతుంది. ఎక్స్‌పొనెన్షియల్ సగటు 11లో 2 వంతుల బరువిచ్చి 154కి దిగుతుంది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. ఆ రోజుతో కలిపి పదో ట్రేడింగ్ రోజు ముగిసేసరికి మాత్రం సాధారణ సగటు సరిగ్గా 40కి చేరుతుంది, ఎందుకంటే పాత ధరలన్నీ లెక్కలోంచి వెళ్లిపోయాయి. ‘వేగమైన’ సగటు ఇంకా 59 దగ్గరే ఉంటుంది. పాత ధరను అది కొద్దికొద్దిగా తగ్గిస్తుందే తప్ప పూర్తిగా వదలదు. చార్టులో గీత మలుపు చూసి డబ్బు పెట్టే విద్యార్థులు ముందు ఈ పది రోజుల లెక్కనూ చేత్తో కట్టి చూడాలని నేను గట్టిగా కోరతాను. పైగా, జనవరి 6 సాయంత్రం ఈ రెండు సగటుల్లో ఏదీ మరునాటి పతనాన్ని చెప్పగలిగేది కాదు.