లీటరు సీసా, మున్సిపల్ పంపు: ఆరోగ్య వీడియోలో తప్పు ఎవరిదిగా కనిపిస్తోంది?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, కొత్త రాజరాజేశ్వరిపేట వంటి ప్రాంతాలను ముంచేసింది. సరిగ్గా ఏడాదికి, 2025 సెప్టెంబరులో, అదే కొత్త రాజరాజేశ్వరిపేటలో వాంతులు, విరేచనాలు వ్యాపించి వందమందికి పైగా మంచం పట్టారు. పేటలోనే వైద్య శిబిరం పెట్టాల్సి వచ్చింది. తాగే నీళ్లలోనే తేడా ఉందని స్థానికులు చెప్పారు.

ఇలాంటి రోజుల్లో ఫోన్ల నిండా ఆరోగ్య వీడియోలు తిరుగుతాయి. వాటి కూర్పు దాదాపు ఒకేలా ఉంటుంది. ముందు సెలైన్ ఎక్కుతున్న రోగి, తర్వాత పేటలో మురుగు కాలువ, ఆ తర్వాత తెల్లకోటు వేసుకున్న డాక్టరు, చివర్లో "పరిసరాలు శుభ్రంగా ఉంచుకోండి" అనే అక్షరాలు. ఈ వీడియోలు అవసరమే. అయితే అందులోని సలహా ప్రాణం కాపాడేంత స్పష్టంగా ఉందా, ఆ కూర్పు నేరాన్ని ఎవరి మీద మోపుతోంది అన్న రెండు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదట సలహా సంగతి చూద్దాం. విరేచనాలతో మనిషి చనిపోయేది ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గిపోవడం వల్ల. దానికి ఇంట్లో చేయగలిగిన మొదటి వైద్యం ఓఆర్ఎస్. అందుకే "ఓఆర్ఎస్ తాగించండి" అని ప్రతి వీడియో చెబుతుంది. ఎలా కలపాలో చాలా వీడియోలు చూపించవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన పెద్ద ప్యాకెట్‌లో 20.5 గ్రాముల పొడి ఉంటుంది. దాన్ని మొత్తంగా ఒక లీటరు నీళ్లలో కలపాలి. మార్కెట్లో 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా ఉన్నాయి. పెద్ద ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు మోతాదు మించి బిడ్డకు ప్రమాదమవుతుంది. చిన్నదాన్ని లీటరులో కలిపితే ద్రావణం పలచబడి పని చేయదు.

కాబట్టి ఆ వీడియోలో అన్నిటికంటే విలువైన షాటు డాక్టరు ముఖం కాదు, లీటరు మంచినీళ్ల సీసా. ఖాళీ సీసా దాదాపు ప్రతి ఇంట్లో దొరుకుతుంది. ఒక తల్లి చేతులు దాన్ని కాచి చల్లార్చిన నీళ్లతో నింపడం, ప్యాకెట్ మీద రాసిన కొలతను దగ్గరగా చూపించడం, పొడి మొత్తాన్ని వేయడం, కలపడం. ఇదంతా కోత లేకుండా ఒకే క్లిప్పుగా ఉండాలి. తెర మీద ఒకే వాక్యం: "పెద్ద ప్యాకెట్ మొత్తం, లీటరు నీళ్లు." అది నెమ్మదిగా చదివేవాళ్లకూ అందేంతసేపు నిలవాలి. గొంతు కూడా అదే మాట చెప్పాలి. చదువు రానివాళ్లు వింటారు, ఆసుపత్రి వరండాలో శబ్దం ఆపేసి చూసేవాళ్లు చదువుతారు. గొంతు ఒకటి, అక్షరాలు మరొకటి చెబితే ఇద్దరికీ అందదు.

భాష కూడా ఇక్కడే తేలుతుంది. పోస్టర్లలో "అతిసారం", "నిర్జలీకరణం" అని రాస్తారు. పేటలో అనేది "మోషన్స్", "విరేచనాలు", "నీరసం". అందుకే కథనం ఇలా సాగాలి: "బాబుకి మోషన్స్ అయిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా తాగించండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, స్పూనుతో మళ్లీ మొదలుపెట్టండి." రెండేళ్లలోపు పిల్లలకు ఒక్కో విరేచనానికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు ఇవ్వాలి. అంకె చెప్పి వదిలేయకుండా, 200 మిల్లీలీటర్ల గ్లాసులో పావు నుంచి సగం అని చూపించాలి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. పాలు ఆపకూడదు. బిడ్డ మత్తుగా పడి ఉన్నా, కళ్లు లోపలికి పోయినా, ఏమీ తాగలేకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా వీడియో చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

ప్యాకెట్‌ను దగ్గరగా చూపించాలనడానికి ఇంకో కారణం ఉంది. చక్కెర ఎక్కువున్న పానీయాలను "ఓఆర్ఎస్" అనే మాట తగిలించి మందుల షాపుల్లోనే ఏళ్ల తరబడి అమ్మారు. చక్కెర మోతాదు మించితే పేగులోకి నీరు మరింత లాగి విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్లపాటు పోరాడారు. వీడియోల్లో ప్యాకెట్లను చూపిస్తూ తేడా వివరించారు. కోర్టుకూ వెళ్లారు. చివరికి 2025 అక్టోబరు 14న ఎఫ్ఎస్ఎస్ఏఐ, సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. ఆ వీడియోల ప్రత్యేకత ఏమిటంటే, అవి తల్లుల అజ్ఞానాన్ని కాకుండా అమ్మేవాళ్ల లేబుల్‌ను చూపించాయి.

ఇక రెండో ప్రశ్న. రోగి షాటు పక్కనే పేట సందు షాటు పెడితే, మాట చెప్పకుండానే కూర్పు ఒక తీర్పు ఇస్తుంది: వీళ్లు శుభ్రంగా ఉండరు, అందుకే రోగం. ఆసుపత్రి తెల్లగా, పేట నల్లగా కనిపిస్తుంది. శుచి, మైల అనే పాత కులభాషకు ఇది కెమెరా రూపం. డెల్టా ఊళ్లలో మాల, మాదిగ పేటలు చాలాచోట్ల పల్లంలో, పైపులైను చివరన ఉంటాయి. మురుగు అక్కడికి పారి వస్తుంది. దాన్ని అక్కడివాళ్ల అలవాటుగా చూపించడం అబద్ధం.

అసలు జరిగేది ఇది. కుళాయి నీళ్లు రోజంతా రావు. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది. పైపు మురుగు కాలువ పక్కనుంచో లోపలినుంచో వెళ్తూ, ఎక్కడైనా చిల్లు పడి ఉంటే, బయటి మురుగు లోపలికి చేరుతుంది. కొందరు నేరుగా లైనుకే మోటార్లు బిగిస్తే ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. నీళ్లు వదలగానే మొదటి బిందెలో పడేది అదే. ట్యాంకు దగ్గర తీసిన నమూనా బాగుండి, చివరి కుళాయి నీళ్లు చెడిపోయి ఉండటం అందుకే సాధ్యం.

దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. నీటి పరీక్ష కిట్‌లో చుక్కల మందు వేస్తే, క్లోరిన్ ఉన్న నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది మన తాగునీటి ప్రమాణం. చివరి కుళాయి దగ్గర రంగు మారకపోతే అనుమానించాలి. అయితే పసుపు రంగు వచ్చినంత మాత్రాన నీళ్లు పూర్తిగా సురక్షితమని కూడా కాదు. రోజూ వేర్వేరు వేళల్లో, వేర్వేరు చోట్ల చూడాలి. ఈ పరీక్షను వార్డు సచివాలయ సిబ్బంది వీధిలో, జనం ముందు చేసే క్లిప్పు వీడియోలో ఉంటే సలహా రెండు వైపులకూ వెళ్తుంది. ఇంటివాళ్లకు: "నీళ్లు తెర్లేదాకా కాచి తాగండి." కార్పొరేషన్‌కు: "లీకును మూసేయండి, చివరి కుళాయి ఫలితం రోజూ చెప్పండి." గ్యాసు ఖర్చుపెట్టి నీళ్లు కాచుకోవడం అత్యవసరంలో చేసే పని. ఏడాది పొడవునా అదే చేయమనడం కార్పొరేషన్ బాధ్యతను కూలీ ఇంటి పొయ్యి మీదికి నెట్టడం.

చివరిగా, అనుమతి. రోగిని గుర్తుపట్టేలా ఉన్న ఫొటోలను అనుమతి లేకుండా డాక్టర్లు ప్రచురించకూడదని 2002 వైద్య నైతిక నియమావళి చెబుతోంది. చేతికి సెలైన్ ఉండగా, డాక్టరు పక్కన నిలబడి ఉండగా అడిగితే "కాదు" అనడం ఎవరికి సాధ్యం? కోలుకుని ఇంటికి వచ్చాక, కత్తిరించిన క్లిప్పును చూపించి మళ్లీ అడగాలి. వద్దంటే తీసేయాలి. వాట్సాప్‌లోకి వెళ్లాక వెనక్కి రాదు కాబట్టి ఆ అడగడం విడుదలకు ముందే జరగాలి. రోగి ముఖం లేకపోయినా వీడియోకు నష్టం లేదు. సీసా, ప్యాకెట్, కలిపే చేతులు, పసుపు రంగుకు తిరగని కుళాయి నీళ్లు ఉంటే చెప్పాల్సిందంతా చెప్పినట్టే.